టీపీఆర్ చార్టును కాలపట్టికగా ఎత్తిరాయడం

ఆసుపత్రిలో చేరిన రోగి ఉష్ణోగ్రతను, నాడిని, శ్వాసను నిర్ణీత వేళల్లో కొలిచి, గళ్ల కాగితం మీద చుక్కలుగా గుర్తించి, ఆ చుక్కలను వరసగా గీతలతో కలిపిన పత్రాన్ని టీపీఆర్ చార్టు అంటారు. టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్ అనే మూడు మాటల తొలి అక్షరాలే టీపీఆర్. వార్డుల్లో దీన్ని టెంపరేచర్ చార్టు అనీ జ్వరం చార్టు అనీ కూడా అంటారు. అందులోని ఒక్కొక్క చుక్కను ‘ఏ తేదీ, ఏ వేళ, ఏ కొలత, ఎంత’ అనే వరసగా మార్చి రాయడమే ఎత్తిరాత. పాత కేసుషీట్ల ఆధారంగా పరిశోధన చేసేటప్పుడు, ఒక రోగి జ్వరం ఎలా పెరిగి ఎలా తగ్గిందో మళ్లీ లెక్కించాల్సినప్పుడు ఈ పని అవసరమవుతుంది.

సంఖ్యను సంఖ్యగా నకలు చేయడం కన్నా ఈ పని వేరుగా ఉంటుంది. నర్సు థర్మామీటరులో చూసిన అంకె కాగితం మీద ఉండదు. ఆ అంకెకు బదులు పెట్టిన చుక్క మాత్రమే ఉంటుంది. ఎత్తిరాసేవారు ఆ చుక్క స్థానాన్ని కొలిచి వెనక్కి అంకెకు రావాలి. చుక్క సరిగ్గా గీత మీద ఉంటే చిక్కు తక్కువ. రెండు గీతల మధ్య పడినప్పుడు ఎంతవరకు చదవాలి, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ వ్యాసంలో ప్రధాన విషయం.

చరిత్ర

జ్వరాన్ని వక్రరేఖగా గీయడం 19వ శతాబ్దపు జర్మనీ ఆసుపత్రుల్లో స్థిరపడింది. బెర్లిన్‌లో లుడ్విగ్ ట్రౌబె, లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్లిష్ ఇందుకు ముఖ్యులు. వుండర్లిష్ వేల మంది రోగుల ఉష్ణోగ్రతలను చంకలో కొలిపించి, వ్యాధుల్లో ఉష్ణోగ్రత తీరుపై 1868లో గ్రంథం వెలువరించాడు. ఆ కాలపు థర్మామీటరు పొడుగ్గా ఉండేది, స్థిరపడటానికి చాలాసేపు పట్టేది. 1860ల్లోనే ఇంగ్లండులో థామస్ క్లిఫర్డ్ ఆల్‌బట్ సుమారు ఆరంగుళాల పొడవుతో, ఐదు నిమిషాల్లో పని ముగించే థర్మామీటరును రూపొందించాడు. రోజుకు ఎన్నోసార్లు కొలిచే వార్డు చార్టు అలవాటు కావడానికి ఈ పరికరం తోడ్పడింది. మత్తుమందు ఇస్తుండగా నాడిని, శ్వాసను గ్రాఫుగా గుర్తించే పద్ధతిని 1894లో బోస్టన్‌లో హార్వీ కుషింగ్, ఎర్నెస్ట్ కాడ్‌మన్ మొదలుపెట్టారు. రక్తపోటు గీత ఆ తర్వాత చేరింది.

భారతదేశంలో వార్డు చార్టు బ్రిటిష్ కాలపు ఫారన్‌హీట్ కొలమానంతోనే వచ్చి చాలాచోట్ల అలాగే నిలిచింది. తెలుగు ఇళ్లలో జ్వరాన్ని ఇప్పటికీ ‘నూటొకటి’, ‘నూటరెండు’ అనే చెబుతారు. సెల్సియస్‌లోకి మార్చే సంగతి ‘ప్రమాణాల మార్పు’ కింద చూడవచ్చు.

చార్టు నిర్మాణం

సాధారణ నాలుగు గంటల చార్టులో ప్రతి తేదీ కింద ఆరు నిలువు వరసలు ఉంటాయి. ఉదయం 2, 6, 10, సాయంత్రం 2, 6, 10 అని వాటి తలల మీద అచ్చయి ఉంటుంది. ఎడమ అంచున ఉష్ణోగ్రత అంకెలు 95 నుంచి 106 దాకానో 107 దాకానో డిగ్రీకొక ముదురు గీతతో ఉంటాయి. ఒక డిగ్రీని ఎక్కువగా ఐదు చిన్నగళ్లుగా విభజిస్తారు. అప్పుడు చిన్నగడి విలువ 0.2 డిగ్రీలు. పాదరసపు ఫారన్‌హీట్ థర్మామీటరు మీద గాట్లు కూడా 0.2 డిగ్రీలకు ఒకటి చొప్పునే ఉంటాయి. అందువల్ల ఆ థర్మామీటరుతో చూసిన అంకె చార్టులో గీత మీదే పడటం సహజం. డిజిటల్ థర్మామీటరు 0.1 వరకు చూపిస్తుంది. దానితో వచ్చిన 101.3ను గుర్తించడానికి ఆ కాగితం మీద గీత ఉండదు. గీతల మధ్య చుక్కలు పెరగడానికి ఒక పెద్ద కారణం ఇదే: పరికరం మారింది, కాగితం మారలేదు.

నాడికి పది స్పందనలకొక ముదురు గీత, చిన్నగడికి రెండు స్పందనలు అన్న ఏర్పాటు తరచుగా కనిపిస్తుంది. శ్వాసను కొన్ని చార్టుల్లో చుక్కగా, కొన్నింటిలో అడుగున అంకెగా రాస్తారు. రక్తపోటు చాలావరకు అంకెల్లోనే ఉంటుంది. గ్రాఫుగా గీసినచోట పై పోటుకూ కింది పోటుకూ ఎదురెదురు బాణపు మొనలు వాడతారు, విలువ మొన కొస దగ్గర ఉంటుంది. ఏ కొలతకు ఏ సిరా అన్నది ఆసుపత్రిని బట్టి మారుతుంది కాబట్టి ఆ పేజీలోని సూచికనే నమ్మాలి. నలుపు తెలుపు ఫొటోకాపీలో నాడి గీత, ఉష్ణోగ్రత గీత కలిసిపోతాయి. అటువంటి పేజీకి అసలు ప్రతినో రంగు స్కానునో తెప్పించుకోవడం తప్ప నమ్మదగిన దారి లేదు.

గడి విలువను నిర్ధారించడం

మొదటి చుక్కను చదవడానికి ముందు, అచ్చయిన రెండు అంకెల మధ్య చిన్నగళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఐదుంటే గడికి 0.2, పది ఉంటే 0.1, నాలుగుంటే 0.25. ఇది మరీ చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ పట్టిక మొత్తాన్ని పాడుచేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఐదు గళ్ల చార్టులో గడిని 0.1 అనుకుంటే, 101 పైన మూడో గీత మీద ఉన్న చుక్క 101.6కు బదులు 101.3 అవుతుంది. ఒక్క అంకెను చూస్తే తప్పు తెలియదు. పట్టిక మొత్తంలో దశాంశ స్థానాన్ని లెక్కిస్తే బయటపడుతుంది: గీతల మీది చుక్కలన్నిటికీ 0 నుంచి 4 దాకా అంకెలే వస్తాయి, 6, 7, 8, 9 ఎక్కడా కనిపించవు. నిజమైన జ్వరాలు అలా ఉండవు.

గీతల మధ్య విలువలు

చుక్కకు కింద ఉన్న గీత నుంచి చుక్క మధ్యబిందువు ఎంత దూరంలో ఉందో చూసి, గడి ఎత్తులో ఆ దూరం ఎంత భాగమో గడి విలువతో హెచ్చించాలి.

```
value = low + step * (d / h)
```

ఇందులో `low` కింది గీత విలువ, `step` గడి విలువ, `d` కింది గీత నుంచి చుక్క మధ్య వరకు దూరం, `h` గడి ఎత్తు. లెక్క ఎన్ని దశాంశాలనైనా ఇస్తుంది. కాగితం మాత్రం ఇవ్వదు. చిన్నగడి ఎత్తు 2 మిల్లీమీటర్లు అనుకుంటే 0.1 డిగ్రీ అంటే ఒక మిల్లీమీటరు. బాల్‌పెన్ను చుక్క వెడల్పే దాదాపు అంత ఉంటుంది. నర్సు నిలబడి, ఒక చేత్తో కేసుషీటు పట్టుకుని పెట్టిన చుక్కను 101.27 అని చదవడంలో అర్థం లేదు. అలాంటి చార్టులో అర గడి, అంటే 0.1 డిగ్రీ, చదవదగిన అతి చిన్న తేడా.

దీన్ని కంటితో అమలు చేయడానికి గడిని ఎత్తులో నాలుగు భాగాలుగా ఊహించుకోవాలి. చుక్క మధ్యబిందువు కింది పావులో ఉంటే కింది గీత విలువ రాయాలి, పై పావులో ఉంటే పై గీత విలువ. నడిమి రెండు పావుల్లో ఎక్కడున్నా రెండు గీతల సగటు. అంటే 101.2, 101.4 గీతల నడుమ ఉన్న చుక్క 101.3 అవుతుంది. సరిగ్గా పావు హద్దు మీద ఉందనిపిస్తే సగటునే రాయాలని ముందే నియమం పెట్టుకోవడం మంచిది. హద్దు దగ్గర ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోవడం కన్నా ఒకే నియమాన్ని పాటిస్తే, వచ్చే పొరపాటు ఎటువైపుదో తర్వాత లెక్కించవచ్చు.

చుక్క మధ్యబిందువును గుర్తించడంలో ఇంకో చిక్కు కలిపే గీతతో వస్తుంది. జ్వరం ఎక్కి దిగిన శిఖరం దగ్గర రెండు గీతలు చుక్కలో కలిసి, సిరా పైకి పొడుచుకువచ్చినట్టు కనిపిస్తుంది. సిరా పై అంచును చదివితే విలువ ఎక్కువ వస్తుంది. లోయలో కింది అంచును చదివితే తక్కువ వస్తుంది. అందుకే రెండు గీతల నడిమి రేఖలు ఎక్కడ కలుస్తాయో అక్కడే చదవాలి. చుక్క లేకుండా గీత మాత్రమే సాగిన వరసలో ఏ విలువా రాయకూడదు. ఆ గీత రెండు కొలతలను కలిపేందుకు గీసినది, అక్కడ ఎవరూ థర్మామీటరు పెట్టలేదు. ఆ గడిని ఖాళీగా వదిలి ‘కొలత లేదు’ అని గుర్తు పెట్టాలి.

మధ్యలో పడిన చుక్కను చూసి ‘నర్సు ఉద్దేశం గీతే అయి ఉంటుంది’ అని గీతకు జరపడం చాలా మందికి అలవాటు. నాడి విషయంలో ఈ ఆలోచనకు కొంత ఆధారం ఉంది. అర నిమిషం లెక్కించి రెండుతో హెచ్చిస్తే సరిసంఖ్యే వస్తుంది, పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే నాలుగు గుణిజమే వస్తుంది. కాబట్టి 87 దగ్గరి చుక్క అసలు 88 అయి ఉండవచ్చు. అయినా ఎత్తిరాతలో 87 అనే రాయాలి. కొలిచింది మానిటరా, చేతి వేళ్లా అన్నది చార్టు చెప్పదు. సవరణ అవసరమైతే పట్టిక పూర్తయ్యాక, ఆ సంగతి రాసిపెట్టి, వేరే నిలువు వరసలో చేయవచ్చు.

ఫొటోల్లో వంపు: ఒక ఉదాహరణ

ఇప్పుడు చాలామంది పేజీని స్కాను చేసి, తెర మీద చుక్కను నొక్కితే నిర్దేశాంకాలు ఇచ్చే `WebPlotDigitizer` వంటి సాధనంతో చదువుతారు. సాధనానికి ముందుగా తెలిసిన గీతలను చూపించాలి. ఊహించుకున్న ఒక పేజీలో ఎడమ అంచున 98 గీత 1240వ పిక్సెల్ దగ్గర, 104 గీత 520వ పిక్సెల్ దగ్గర ఉన్నాయనుకుందాం. తెర మీద పిక్సెళ్లను పైనుంచి కిందికి లెక్కిస్తారు. ఆరు డిగ్రీలకు 720 పిక్సెళ్లు, అంటే డిగ్రీకి 120, చిన్నగడికి 24.

పేజీ నడిమి వరసలో ఒక చుక్క 838వ పిక్సెల్ దగ్గర ఉంది. ఎడమ అంచు కొలతతో లెక్కిస్తే 1240లోంచి 838 తీసేయగా 402. దాన్ని 120తో భాగిస్తే 3.35. విలువ 101.35, అంటే 101.3కూ 101.4కూ సరిగ్గా మధ్య. కుడి అంచున 98 గీతను చూస్తే అది 1252 దగ్గర ఉంది. పేజీ కుడివైపు 12 పిక్సెళ్లు, అంటే 0.1 డిగ్రీ, దిగింది. నడిమి వరసలో 98 గీత ఉండాల్సిన చోటు 1246. అప్పుడు తేడా 408, భాగఫలం 3.40, విలువ 101.4. అంటే చుక్క గీత మీదే ఉంది. గీతల మధ్య ఉన్నట్టు కనిపించింది కాగితం వంపు వల్లే.

అందుచేత నాలుగు మూలల్లోనూ తెలిసిన గీతలను గుర్తించి, ఆపైన నడిమి గీత ఒకదాన్ని పరీక్షగా చూడాలి. 101 గీతను నొక్కినప్పుడు 101కి 0.05 డిగ్రీ లోపే తేడా వస్తే పేజీని వాడవచ్చు. అంతకు మించితే కాగితం ముడతపడిందనో, కేసుషీటు కుట్టు దగ్గర వంగిందనో అర్థం. అలాంటి పేజీలో తెర లెక్క కన్నా, చుక్కకు ఆనుకుని ఉన్న గీతలను కంటితో చూసి చదవడమే మేలు. వంగిన కాగితం మీద గీతలూ చుక్కతో పాటే వంగుతాయి కదా.

కాలం అక్షం

విలువకున్నంత జాగ్రత్త వేళకూ కావాలి. నిలువు వరస తల మీద అచ్చయిన 6 అనేది నిర్ణీత వేళ, కొలిచిన వేళ కాదు. ముప్పై మంచాల వార్డులో ఒక్క నర్సు ఆరింటి చుట్టు ముగించేసరికి ఏడు కావచ్చు. కాబట్టి పట్టికలో ‘చార్టు వేళ’ అన్న పేరుతోనే రాయాలి. ‘కొలిచిన వేళ’ అన్న వరస వేరుగా ఉంచి, నర్సుల నోట్సులో గడియారపు వేళ దొరికితేనే నింపాలి. మధ్యాహ్నం పన్నెండుకు ముందే చేరిన రోగికి ఆ తేదీనే ఉదయం 10 వరసలో చుక్క ఉండి, చేరిక వేళ 11.40 అని ఉంటే, చార్టు వేళ ఎంత లాంఛనమో తెలుస్తుంది.

వరసల మధ్య పెట్టిన చుక్కలు అదనపు కొలతలు. జ్వరం ఎక్కువై తడిగుడ్డతో తుడిచాక మళ్లీ చూసిన ఉష్ణోగ్రతను చాలాచోట్ల చుక్కల గీతతో కిందికి దించి గుర్తిస్తారు. అది సాయంత్రం 6, 10 వరసలకు నట్టనడుమ ఉంటే 8 అని రాసి, ‘వేళ అంచనా’ అని గుర్తు పెట్టాలి. ఆ చుక్క 6 వరసలోనే, పై చుక్కకు తిన్నగా కింద ఉంటే దానికి వేరే వేళ ఇవ్వడానికి ఆధారం లేదు. ఒకే వేళకు రెండు విలువలు, వాటి క్రమ సంఖ్యలతో రాయాల్సిందే.

తేదీ మార్పు దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. కొన్ని చార్టుల్లో రోజు ఉదయం 6తో మొదలై 10, 2, 6, 10 మీదుగా రాత్రి 2తో ముగుస్తుంది. ఆ చివరి 2 అచ్చయిన తేదీ కిందే ఉన్నా మర్నాటి తేదీకి చెందుతుంది. దాన్ని సరిచేయకపోతే వరస కొలతల మధ్య వ్యవధి లెక్కించినప్పుడు మైనస్ 20 గంటలు, ఆ వెంటనే 28 గంటలు వస్తాయి. నాలుగు గంటల చార్టులో ఈ జంట కనిపిస్తే తేదీ తప్పిందన్నమాటే.

పట్టిక రూపం

ఒక కొలతకు ఒక అడ్డువరస అన్న పద్ధతి ఈ పనికి సరిపోతుంది. చదివిన విలువతో పాటు దానికి కింద, పైన ఉన్న గీతల విలువలను కూడా రాస్తే, చుక్క ఎక్కడ పడిందో పేజీ మళ్లీ తెరవకుండా తెలుస్తుంది. గీత మీదే ఉంటే రెండూ ఒకటే.

```
date,chart_time,param,value,low,high,flag
03,10:00,temp_F,99.4,99.4,99.4,on_line
03,14:00,temp_F,101.3,101.2,101.4,between
03,18:00,temp_F,103.1,103.0,103.2,between
03,20:00,temp_F,100.8,100.8,100.8,time_est
03,22:00,temp_F,,,,no_dot
```

రోగి పేరు, ఐపీ నంబరు ఈ పట్టికలోకి రాకూడదు. వాటికి బదులు ఒక సంకేత సంఖ్య వాడి, రెండింటినీ కలిపే జాబితాను విడిగా భద్రపరుస్తారు. చంకలో చూశారా, నోట్లో చూశారా అన్నది చార్టులో ఉంటే దాన్ని ఉన్నట్టే నమోదు చేయాలి. చంక విలువకు ఒక డిగ్రీ కలిపే అలవాటు కొందరికి ఉంది. కలిపాకే చుక్క పెట్టారో లేదో తెలియదు కాబట్టి ఎత్తిరాసేవారు మళ్లీ కలపడం ప్రమాదం.

కొత్త తరహా హెచ్చరిక చార్టుల్లో గీతల బదులు పట్టీలు ఉంటాయి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన `NEWS2`లో 38.1 నుంచి 39.0 సెల్సియస్ వరకు ఒకే పట్టీ. అంకె రాయకుండా చుక్క మాత్రమే పెట్టి ఉంటే, ఆ చుక్క పట్టీలో పైన ఉందా కింద ఉందా అన్నదానికి అర్థం లేదు. అలాంటప్పుడు `value` ఖాళీగా ఉంచి, `low`, `high` మాత్రమే నింపాలి.

ప్రమాణాల మార్పు

ఫారన్‌హీట్ విలువను ఫారన్‌హీట్‌లోనే ఎత్తిరాసి, సెల్సియస్ అవసరమైతే తర్వాత లెక్కించి వేరే వరసలో ఉంచాలి. ముందే మార్చి ఒక దశాంశానికి కుదిస్తే వివరం పోతుంది: 101.4, 101.5 రెండూ 38.6 అయిపోతాయి. గీత మీది చుక్కకూ గీతల మధ్య చుక్కకూ తేడా అక్కడితో చెరిగిపోతుంది. 38.0 సెల్సియస్‌కు సమానమైన 100.4 ఫారన్‌హీట్‌ను చాలా అధ్యయనాల్లో జ్వరపు హద్దుగా తీసుకుంటారు. అది 0.2 చార్టులో సరిగ్గా ఒక గీత. ఆ గీతకు అటూ ఇటూ అర గడిలో ఉన్న చుక్కలను విడిగా లెక్కపెట్టి ఉంచితే, జ్వరం ఉన్న రోజుల సంఖ్య ఎంతవరకు చదివేవారి కంటి మీద ఆధారపడిందో చెప్పవచ్చు.

సరిచూడటం

ఇద్దరు వేర్వేరుగా, ఒకరి పట్టిక ఒకరు చూడకుండా చదవడం ప్రామాణిక పద్ధతి. తేడా అర గడి లోపు ఉంటే అది కాగితం పరిమితి. ఒక గడి లేదా అంతకు మించితే మూడోవారు పేజీ చూసి తేల్చాలి. సరిగ్గా ఒక డిగ్రీ తేడా వస్తే ముదురు గీతను తప్పు లెక్కపెట్టారని, సరిగ్గా నాలుగు గంటలు జరిగితే నిలువు వరస తప్పిందని వెంటనే అనుమానించవచ్చు. తేడాల సగటును, వ్యాప్తిని కలిపి చూపేందుకు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో ప్రచారంలోకి తెచ్చిన పటం వాడతారు. తేడాల సగటు సున్నాకు దూరంగా ఉంటే ఒకరు ఎప్పుడూ పైకే చదువుతున్నారని తెలుస్తుంది.

ఇద్దరు చదువరులూ ఏకీభవించినా ఇద్దరూ తప్పు కావచ్చు. అందుకు నర్సుల నోట్సు ఆసరా. పారాసెటమాల్ ఇచ్చినప్పుడు ఉష్ణోగ్రతను అంకెల్లో రాయడం సాధారణం. అలాంటి అంకెలను, వాటి చుక్కల నుంచి చదివిన విలువలను జతలుగా పోల్చితే ఎత్తిరాత దోషం నేరుగా తెలుస్తుంది. అంకె 101.8, చుక్క 101.6 అయితే పట్టికలో రెండూ వేర్వేరు వరసల్లో ఉండాలి. ఒకటి రెండోదాన్ని చెరపకూడదు. దశాంశాల్లో బేసి అంకెలు దాదాపు లేకపోతే రెండు కారణాలుంటాయి: వార్డులో పాదరసపు థర్మామీటరే ఉండి ఉండాలి, లేదా చదివినవారు మధ్య చుక్కలను గీతకు జరిపి ఉండాలి. ఓ ఇరవై చుక్కలను పెద్దది చేసి మళ్లీ చూస్తే ఏది నిజమో తేలుతుంది.

పరిమితులు

నాలుగు గంటలకొకసారి చూసిన చార్టులో కనిపించే గరిష్ఠం ఆ వేళల్లో దొరికిన గరిష్ఠం మాత్రమే. చలి పుట్టి ఒంటిగంటకు 104కు ఎక్కి రెండింటికి దిగిన జ్వరాన్ని ఏ ఎత్తిరాతా పట్టుకోలేదు. 106 దాటి కాగితం పై అంచున బాణంతో వదిలేసిన చుక్కకు పక్కన అంకె లేకపోతే ‘106 కన్నా ఎక్కువ’ అనే రాయాలి.

చుక్కల నిజాయితీ కూడా ఎత్తిరాతకు అందదు. వరసగా ఐదారు రాత్రులు 2 వరసలో ఒకే సిరాతో, ఒకే ఒత్తిడితో, సరిగ్గా 98.4 గీత మీద చుక్కలుంటే, నిద్రపోతున్న రోగిని లేపకుండా ఉదయం ఒకేసారి పెట్టినవేమో అన్న అనుమానం వస్తుంది. పట్టికలో ఆ విలువలను 98.4గానే ఉంచి, పక్కన గుర్తు మాత్రం పెడతారు. వాటిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది పట్టికను వాడే పరిశోధకులు తేల్చుకుంటారు.